చెడ్డ రోజా, చెడ్డ కాలమా?

2024 జూన్ 1, శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వెలువడ్డాయి. సోమవారం మార్కెట్ తెరిచేసరికి ఉత్సాహం కట్టలు తెంచుకుంది. ఆ రోజు నిఫ్టీ 3.25 శాతం ఎగిసి 23,263.90 వద్ద ముగిసింది. మంగళవారం, జూన్ 4న, లోక్‌సభతో పాటు మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఓట్లనూ లెక్కించారు. కేంద్రంలో బీజేపీకి సొంతంగా మెజారిటీ రావడం లేదని తేలుతున్నకొద్దీ సూచీ జారిపోయి, 5.93 శాతం నష్టంతో 21,884.50 దగ్గర ఆగింది. తర్వాత ఏమైంది? బుధవారం 3.36 శాతం, గురువారం 0.89 శాతం, శుక్రవారం 2.05 శాతం పెరిగి 23,290.15కు చేరింది. పడకముందు ఎక్కడుందో వారం తిరక్కుండానే మళ్ళీ అక్కడికే వచ్చింది. ఆ పై వారం, జూన్ 10 నుంచి 14 దాకా, ఐదు రోజుల్లో ఏ ఒక్క రోజూ సూచీ అటూ ఇటూ అర శాతం కూడా కదల్లేదు.

ఇదంతా ఇప్పుడు తెలిసిన కథ. జూన్ 4 సాయంత్రం నాలుగింటికి ఒక బ్రోకరేజీ సంస్థ రిస్క్ విభాగంలో కూర్చున్న మనిషికి ఇందులో ఏదీ తెలియదు. అతని ముందున్నది ఒకటే ప్రశ్న: రేపు మార్కెట్ ఎంత ఊగుతుంది? పెరుగుతుందా తగ్గుతుందా అని కాదు, ఎంత ఊగుతుంది అని. ఖాతాదారుల దగ్గర ఎంత మార్జిన్ ఉంచుకోవాలి, ఆప్షన్‌కి ఎంత ధర చెప్పాలి, ఫండ్‌లో ఎంత షేరు తగ్గించుకోవాలి అన్నవన్నీ ఆ ఒక్క అంకె మీదే ఆధారపడతాయి.

దాన్ని అంచనా వేయడానికి నలభై ఏళ్ళుగా రెండు దారులు ఉన్నాయి. ఒకటి గార్చ్, రెండోది స్టోకాస్టిక్ వొలటిలిటీ. రెండోదాన్ని ఇక్కడ పొట్టిగా ఎస్‌వీ అందాం. రెండూ ఒకే ఊరికి పోయే దారుల్లాగే కనిపిస్తాయి గానీ, జూన్ 4 లాంటి రోజు వచ్చినప్పుడు తేడా బయటపడుతుంది.

ముందు వొలటిలిటీ అంటే ఏమిటో తేల్చుకోవాలి. రోజువారీ రాబడి సగటు చుట్టూ ఎంత దూరం చెదిరి ఉంటుందో చెప్పే కొలత అది. ఇంటర్ లెక్కల పుస్తకంలో ప్రామాణిక విచలనం అని చదివామే, అదే. దాని వర్గం విస్తృతి. మామూలు కాలంలో నిఫ్టీకి రోజుకు 1 శాతం విచలనం అనుకుందాం. ఏడాదిలో దాదాపు 252 ట్రేడింగ్ రోజులు కాబట్టి దాని వర్గమూలమైన 15.9తో గుణిస్తే ఏడాదికి సుమారు 16 శాతం. పత్రికల్లో కనిపించే ఇండియా విక్స్ ఈ ఏడాది లెక్కలోనే ఉంటుంది.

చిక్కు ఏమిటంటే వొలటిలిటీని ఎవరూ చూడలేరు. ముగింపు ధర తెర మీద ఉంటుంది, రాబడిని కూడిక తీసివేతలతో రాబట్టవచ్చు. ఆ రోజు విచలనం ఎంతో మాత్రం ఎక్కడా అచ్చయి ఉండదు. ఒక రోజుకు ఒకే రాబడి ఉన్నప్పుడు, అది ఎంత చెదిరి ఉండగలదో ఆ ఒక్క అంకె నుంచి ఎలా చెబుతాం? ఈ చిక్కులోంచి బయటపడే ఆసరా ఒకటుంది. పెద్ద కదలికల వెంట పెద్ద కదలికలు, చిన్నవాటి వెంట చిన్నవి గుంపులుగా వస్తాయి. పత్తి ధరలను పరిశీలించిన బెన్వా మాండెల్‌బ్రోట్ ఈ సంగతిని 1963లోనే రాశాడు. అంటే నిన్నటి అల్లరి నేటి అల్లరికి సూచన.

ఈ సూచనను మొదట సమీకరణంగా పెట్టింది రాబర్ట్ ఎంగిల్, 1982లో. ఆయన చూసింది షేర్లను కాదు, బ్రిటన్ ద్రవ్యోల్బణాన్ని. ఆ నమూనాకు ఆర్చ్ అని పేరు. నాలుగేళ్ళకు ఆయన శిష్యుడు టిమ్ బొలర్స్‌లెవ్ దాన్ని విస్తరించి గార్చ్ చేశాడు. ఈ పనికే ఎంగిల్‌కు 2003లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. గార్చ్ మొత్తం ఒక్క వరుసలో ఇమిడిపోతుంది:

```
σ²(t+1) = ω + α·r²(t) + β·σ²(t)
```

రేపటి విస్తృతి మూడు ముక్కల మొత్తం. ఎప్పుడూ ఉండే చిన్న స్థిరాంకం ఒకటి, ఈ రోజు రాబడి వర్గంలో కొంత భాగం ఒకటి, ఈ రోజుకని నిన్న వేసుకున్న విస్తృతి అంచనాలో పెద్ద భాగం ఒకటి. రోజువారీ సూచీలకు తరచూ వచ్చే విలువలకు దగ్గరగా ఉండేట్టు ω 0.02, α 0.10, β 0.88 అని నేను అనుకుంటున్నాను. ఇవి నిఫ్టీ డేటా నుంచి తీసినవి కావు, చేత్తో లెక్క వేయడానికి ఎంచుకున్నవి. ఈ విలువలతో దీర్ఘకాల సగటు విచలనం సరిగ్గా 1 శాతం అవుతుంది.

జూన్ 3 ఉదయం అంచనా 1 శాతం దగ్గరే ఉందనుకుందాం. ఆ రోజు రాబడి 3.25, దాని వర్గం 10.56. అందులో పదో వంతు 1.056, పాత విస్తృతిలో 0.88, స్థిరాంకం 0.02. మొత్తం 1.956, వర్గమూలం 1.40. అంటే జూన్ 4కు గార్చ్ చెప్పిన విచలనం 1.40 శాతం. జరిగింది 5.93 శాతం పతనం. దాని వర్గం 35.16, పదో వంతు 3.516. దానికి 1.956లో 88 శాతాన్నీ 0.02నూ కలిపితే 5.257. జూన్ 5కు అంచనా 2.29 శాతం.

జూన్ 5న మార్కెట్ 3.36 శాతం కోలుకుంది. మనుషులు ఊపిరి పీల్చుకున్నారు. గార్చ్ మాత్రం ఇంకా బెదిరి, జూన్ 6కు అంచనాను 2.40కి పెంచింది. రాబడిని వర్గం చేశాక లాభం, నష్టం అన్న తేడా చెరిగిపోతుంది కదా. సామాన్య గార్చ్‌కు కోలుకోవడం కూడా ఒక దెబ్బే. నిజానికి షేర్ల మార్కెట్లో పతనం తర్వాత ఒడుదొడుకులు పెరిగినంతగా పెరుగుదల తర్వాత పెరగవు. దీన్ని ఫిషర్ బ్లాక్ 1976లో ఎత్తి చూపాడు. తర్వాత డేనియల్ నెల్సన్ 1991లోను, గ్లాస్టెన్, జగన్నాథన్, రంకిల్ 1993లోను నష్టానికి వేరే బరువు ఇచ్చే గార్చ్‌లు తయారుచేశారు. నిఫ్టీ లాంటి సూచీకి గార్చ్ వాడదలిస్తే ఆ రకాల్లో ఒకటి వాడాలి. ఇక్కడ లెక్క తేలిగ్గా ఉండాలని మామూలు గార్చ్‌తోనే సాగుతున్నాను.

జూన్ 7 ముగిశాక, సోమవారం జూన్ 10కి గార్చ్ అంచనా 2.24 శాతం. ఏడాది లెక్కన 35 పైన. ఆ వారమంతా సూచీ అర శాతం లోపే కదిలినా, జూన్ 14 సాయంత్రానికి అంచనా 1.66 దాకానే దిగింది. రోజులు ఎంత ప్రశాంతంగా గడిచినా, పాత విస్తృతిలో 88 శాతం మిగులుతూనే ఉంటుంది. ముందుచూపుతో వేసే అంచనాల్లో ఇంకా మెల్లగా తగ్గుతుంది. అక్కడ రోజుకు మిగిలేది α, β కలిపి 98 శాతం. దెబ్బ ప్రభావం సగానికి తగ్గడానికి 34 ట్రేడింగ్ రోజులు, అంటే నెలన్నర పైన పడుతుంది.

మరి ఆప్షన్ల ధరల్లోంచి పుట్టే ఇండియా విక్స్ ఏమంది? జూన్ 4న 27 దగ్గర ముగిసింది, మర్నాడే 20 కిందికి, రెండు వారాల్లో 15 కిందికి దిగింది. ఆప్షన్లు కొనేవాళ్ళకు ఎన్నికల లెక్కింపు అయిపోయిందని, మర్నాడు మళ్ళీ లెక్కింపు ఉండదని తెలుసు. గార్చ్‌కు అది తెలియదు. దానికి తెలిసిందల్లా ఒక పెద్ద అంకె వచ్చిందని.

గార్చ్ లోపం అసలు ఇక్కడుంది. జూన్ 4 రాబడి ఎంతో తెలిశాక, జూన్ 5 విస్తృతి గురించి దానికి ఏ సందేహమూ ఉండదు. 5.257, అంతే. గతాన్ని చూసి భవిష్యత్తు విస్తృతిని దశాంశంతో సహా నిర్ణయించేస్తుంది. విస్తృతి తనంతట తాను మారే అవకాశం ఆ సమీకరణంలో లేదు. రాబడి చెబితేనే అది మారాలి.

ఎస్‌వీ ఈ చోటే వేరు పడుతుంది. లాంకాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ టేలర్, ఎంగిల్ వ్యాసం వచ్చిన 1982లోనే, 1961 నుంచి 1979 దాకా రోజువారీ చక్కెర ధరలను తీసుకుని ఈ నమూనా రాశాడు. రాబడిని రెండు యాదృచ్ఛిక ప్రక్రియల లబ్ధంగా చూడాలన్నది ఆయన ఆలోచన. ఈనాడు దాన్ని ఇలా రాస్తున్నారు:

```
r(t)   = exp(h(t)/2) · ε(t)
h(t+1) = μ + φ·(h(t) − μ) + σ_η·η(t)
```

ఇక్కడ h అనేది విస్తృతికి లాగరిథం. మనకు కనపడదు. అది తన సగటు చుట్టూ మెల్లగా కదులుతూ ఉంటుంది, రోజూ దానికి తనదైన ఒక చిన్న కుదుపు, η, తగులుతుంది. ε ఆ రోజు రాబడికి తగిలే వేరే కుదుపు. చూడటానికి గార్చ్ కంటే ఒక్క అక్షరం ఎక్కువ, అంతే. కానీ ఆ అక్షరం వల్ల ఒక ప్రశ్న అడగడానికి వీలు దొరికింది. 5.93 శాతం పతనం వచ్చిందంటే, అది ఆ రోజు ε చెడ్డదైనందువల్లా, లేక h పైకి పోయినందువల్లా? ఒక్క చెడ్డ రోజా, చెడ్డ కాలం మొదలైందా?

క్రికెట్ చూసేవాళ్ళు ఈ ప్రశ్న రోజూ అడుగుతూనే ఉంటారు. మంచి బ్యాటర్ సున్నాకు అవుటయ్యాడు. ఫామ్ పోయిందా, లేక ఒక అద్భుతమైన బంతికి బలయ్యాడా? ఫామ్ కనపడదు, స్కోరే కనపడుతుంది. ఒక్క ఇన్నింగ్స్‌తో తీర్పు చెప్పకూడదు, అలాగని దాన్ని పట్టించుకోకుండానూ ఉండకూడదు. తర్వాతి నాలుగు ఇన్నింగ్స్ చూశాక ఆ సున్నా గురించి మన అభిప్రాయం కూడా మారుతుంది.

ఎస్‌వీ పని తీరు ఇదే. φ 0.98, σ_η 0.2, సగటు విచలనం మళ్ళీ 1 శాతం అని పెట్టుకుని, ప్రతి రోజూ h ఎక్కడ ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందో ఉజ్జాయింపుగా లెక్క వేశాను. జూన్ 3 తర్వాత అంచనా 1.36 శాతం, గార్చ్‌కు దాదాపు సమానం. జూన్ 4 తర్వాత గార్చ్ 2.29 అంటే, ఎస్‌వీ సుమారు 1.96 అంటుంది. దెబ్బలో కొంత ε ఖాతాలో రాసి, మిగతాదే h ఖాతాలో వేసింది కాబట్టి. దెబ్బ పెద్దదయ్యేకొద్దీ ఈ ఎడం పెరుగుతుంది. 2020 మార్చి 23న నిఫ్టీ 12.98 శాతం పడింది. జూన్ 4న అంత పతనం వచ్చి ఉంటే, ఇవే పరామితులతో గార్చ్ మర్నాటికి 4.3 శాతం చెప్పేది, ఎస్‌వీ 3 శాతం దగ్గర ఆగేది. గార్చ్ రాబడిని వర్గం చేస్తుంది కాబట్టి దెబ్బ రెట్టింపైతే దాని స్పందన నాలుగు రెట్లవుతుంది. ఎస్‌వీ లాగరిథంలో ఆలోచిస్తుంది కాబట్టి, దెబ్బ మరీ పెద్దదైతే ఇది కాలం మారడం కన్నా దురదృష్టం పాలు ఎక్కువేమో అని అనుమానిస్తుంది.

జూన్ 14 సాయంత్రానికి గార్చ్ 1.66 దగ్గర ఉంటే ఎస్‌వీ 1.35కి దిగింది. ఈ తేడాను చూసి ఎస్‌వీ ఏదో అద్భుతం చేసిందని నేను అనను. ఎన్నికలు అయిపోయాయని దానికీ తెలియదు. విక్స్ పడినంత వేగంగా అదీ పడలేదు. ε మామూలు గంట ఆకారపు విభాజనంలోంచి కాక, అరుదైన పెద్ద దెబ్బలను ఒప్పుకునే స్టూడెంట్ టీ విభాజనంలోంచి వస్తుందని పెట్టుకుంటే, జూన్ 4లో మరింత భాగం దురదృష్టం ఖాతాలోకి పోయి, అంచనా ఇంకా తక్కువ ఎగిసేది. అప్పుడు కూడా మర్నాడే తేరుకునేది కాదు.

నా దృష్టిలో ఎస్‌వీ అసలు విలువ వేరే రెండు చోట్ల ఉంది. మొదటిది, అది తన సందేహాన్ని దాచుకోదు. జూన్ 5కు 1.96 అని చెప్పి ఊరుకోకుండా, నిజమైన విచలనం సుమారు 1.4 నుంచి 2.8 మధ్య ఎక్కడైనా ఉండవచ్చని కూడా చెబుతుంది. 1.4కూ 2.8కీ మధ్య తేడా మార్జిన్ రెట్టింపు అయ్యేంత. ఆ సాయంత్రం మనిషికి నిజంగా తెలిసింది అంతే కాబట్టి, ఆ వెడల్పే సరైన జవాబు. గార్చ్ ఇచ్చే 2.29 పక్కన అలాంటి వెడల్పు ఉండదు. పరామితుల్లో ఉన్న తప్పు వల్ల కొంత వెడల్పును మనం విడిగా లెక్కగట్టవచ్చు గానీ, ఇవాళ్టి విస్తృతి ఎంత అన్న మూల సందేహానికి ఆ సమీకరణంలో చోటు లేదు.

రెండోది, వెనక్కి తిరిగి చూడటం. జూన్ 10 నుంచి 14 దాకా ప్రశాంతంగా గడిచాక, జూన్ 4న మార్కెట్ ఎలాంటి స్థితిలో ఉందని మళ్ళీ అడగండి. గార్చ్ జూన్ 4కు ఇచ్చిన 1.40 ఎప్పటికీ 1.40యే. అది జూన్ 3 నాటికే తేలిపోయింది, తర్వాత ఏం జరిగినా మారదు. ఎస్‌వీ తర్వాతి రోజులను సాక్ష్యంగా తీసుకుని పాత తీర్పును సవరిస్తుంది. ఫలానా సంక్షోభం నిజంగా ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు సద్దుమణిగింది అని రాసే ఆర్థికవేత్తకు, చరిత్రకారుడికి ఇది లేకపోతే కుదరదు. రేపటి మార్జిన్ వేసే మనిషికి దీనితో పెద్దగా పని లేదు.

ఇంత బాగుంటే మరి అందరూ ఎస్‌వీనే ఎందుకు వాడరు? లెక్క కట్టడం కష్టం కాబట్టి. గార్చ్‌లో ప్రతి రోజు విస్తృతీ తెలుసు కనుక, ఆ రోజు రాబడికి సంభావ్యత ఎంతో సూటిగా రాసి, అన్ని రోజులవీ గుణించి, ఆ లబ్ధం గరిష్ఠమయ్యే α, β లను వెతకవచ్చు. ఎక్సెల్‌లో సాల్వర్‌తో కూడా అయిపోతుంది. ఎస్‌వీలో h కనపడదు. పదేళ్ళ డేటా అంటే 2,500 రోజులు, 2,500 కనపడని h లు. పరామితుల సంభావ్యత కావాలంటే ఆ 2,500 h లు తీసుకోగల విలువలన్నిటి మీదా సమాకలనం చేయాలి. అంటే 2,500 మితుల సమాకలనం. కాగితం మీద దానికి జవాబు లేదు.

1994లో ఆండ్రూ హార్వే, ఎస్తేర్ రూయిజ్, నీల్ షెపర్డ్ ఒక తేలిక ఉపాయం చెప్పారు. రాబడిని వర్గం చేసి లాగరిథం తీస్తే గుణకారం కూడిక అయిపోతుంది: ln r² = h + ln ε². ఇక h ను కాల్మన్ ఫిల్టర్‌తో పట్టుకోవచ్చు. రాకెట్లను, ఉపగ్రహాలను గమనించడానికి వాడే పద్ధతే ఇది. అందమైన ఆలోచనే గానీ ఇందులో ఒక గుంట ఉంది, మన కథలోని రోజులే దాన్ని చూపిస్తాయి. జూన్ 11న నిఫ్టీ 5.65 పాయింట్లు పెరిగింది, దాదాపు 0.02 శాతం. ఆ రోజు ఏమీ జరగలేదని ఎవరైనా అంటారు. 0.02 వర్గానికి లాగరిథం తీయండి: మైనస్ 7.8. దేశమంతా గగ్గోలు పెట్టిన జూన్ 4కు అదే లెక్క వేస్తే ప్లస్ 3.6. మామూలు రోజుల్లో ఈ అంకె మైనస్ 1.27 చుట్టూ, సుమారు 2.2 విచలనంతో ఉంటుంది. అంటే ఫిల్టర్ దృష్టిలో చప్పగా గడిచిన జూన్ 11 మూడు విచలనాల దూరంలో ఉన్న వింత, మహాపతనం జరిగిన జూన్ 4 అంతకన్నా చిన్న వింత. ఏమీ జరగని రోజుకు అది ఉలిక్కిపడుతుంది. రాబడి సరిగ్గా సున్నా అయితే లాగరిథమే ఉండదు, లెక్క ఆగిపోతుంది.

తప్పు ఫిల్టర్‌ది కాదు. అది అన్ని అవాంతరాలూ గంట ఆకారంలో, రెండు వైపులా సమానంగా ఉంటాయనుకుంటుంది. ln ε² అలా ఉండదు, ఎడమవైపు పొడవాటి తోకతో వంకరగా ఉంటుంది. 1998లో కిమ్, షెపర్డ్, చిబ్ ఈ వంకరను సరిచేశారు. ఆ వంకర ఆకారాన్ని వేర్వేరు సగటులు, వెడల్పులు గల ఏడు గంట ఆకారాల మిశ్రమంగా అచ్చుగుద్దినట్టు దించవచ్చని చూపారు. ఏ రోజు రాబడి ఆ ఏడింటిలో దేని నుంచి వచ్చిందో యాదృచ్ఛికంగా ఎంచుకుంటూ, ఎంచుకున్నాక h ల వరుసను మొత్తం ఒక్కసారిగా గీస్తూ, తర్వాత పరామితులను గీస్తూ, ఈ మూడు పనులనూ వేల సార్లు తిప్పితే సమాకలనం చేయకుండానే జవాబు దొరుకుతుంది. మార్కోవ్ చైన్ మాంటీ కార్లో అంటారు దీన్ని. ఎస్‌వీ మామూలు కంప్యూటర్లకు చేరువైంది దీని వల్లే.

అయినా కొన్ని చోట్ల కాలు జారుతుంది. φ, σ_η ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. డేటా తక్కువైతే, σ_η సున్నాకు దగ్గరైతే, ఆ వేల చక్రాలు ఒకే చోట గింగిరాలు కొడతాయి, పైకి మాత్రం జవాబు వచ్చినట్టే కనపడుతుంది. పట్టుకోవడం ఎలా? రెండు మూడు వేర్వేరు ఆరంభ విలువలతో లెక్క నడపాలి. అవన్నీ ఒకే చోటికి రాకపోతే ఆ అంకెలను నమ్మకూడదు. గార్చ్‌కు దాని జబ్బు దానికుంది. డేటా మధ్యలో ఎక్కడో సగటు వొలటిలిటీయే మారిపోయి ఉంటే, దాన్ని మింగడానికి α, β ల మొత్తం 1ని తాకేదాకా పోతుంది. లామరూ, లాస్ట్రాప్స్ ఈ సంగతిని 1990లో చూపారు. మీ లెక్కలో మొత్తం 0.999 వచ్చిందంటే మురిసిపోకుండా, డేటాను రెండు ముక్కలు చేసి విడివిడిగా చూడండి. ముక్కల్లో అది తగ్గితే తప్పు నమూనాది కాదు, రెండు కాలాలను ఒకటిగా కట్టిన మనది.

మార్కెట్ నిర్వాహకులు సరళమైన పద్ధతి వైపు మొగ్గడానికి ఇంకో కారణం ఉంది, పాఠ్యపుస్తకాల్లో తక్కువగా కనిపించే కారణం. మన దేశంలో 2000 జూన్‌లో ఇండెక్స్ ఫ్యూచర్స్ మొదలయ్యే ముందు, మార్జిన్ ఎలా వేయాలో తేల్చడానికి సెబీ 1998లో ప్రొఫెసర్ జె.ఆర్. వర్మ అధ్యక్షతన ఒక బృందాన్ని వేసింది. నిన్నటి విస్తృతికి 0.94 బరువు, ఇవాళ్టి రాబడి వర్గానికి 0.06 బరువు ఇచ్చే సూత్రాన్ని ఆ బృందం సూచించింది. జె.పి. మోర్గన్ సంస్థ 1994లో రిస్క్‌మెట్రిక్స్ పేరుతో బయటపెట్టిన సూత్రమే అది. ఒకరకంగా ω తీసేసిన గార్చ్. దాన్ని ఏ బ్రోకరైనా తన దగ్గరున్న కాలిక్యులేటర్‌తో సరిచూసుకోవచ్చు, అందరికీ ఒకే అంకె వస్తుంది. ఎస్‌వీలో అంకె యాదృచ్ఛిక చక్రాల నుంచి వస్తుంది కాబట్టి రెండు ఆఫీసుల్లో నడిపితే చివరి దశాంశాలు తేడా రావచ్చు. కోట్ల రూపాయల మార్జిన్ మీద గొడవ వస్తే ఎవరి దశాంశం సరైనదని తేల్చాలి? సరిచూసుకోగలగడం కూడా ఒక గుణమే, గార్చ్‌కు అది నిండుగా ఉంది.

ఆప్షన్ల ధరల ప్రపంచంలో తూకం తారుమారు అవుతుంది. అక్కడ వొలటిలిటీ తనంతట తాను కదులుతుందని ఒప్పుకోకపోతే ధరలు సరిపోవు. అందుకే జాన్ హల్, అలాన్ వైట్ 1987లో, స్టీవెన్ హెస్టన్ 1993లో ఎస్‌వీ తరహా నమూనాలతోనే సూత్రాలు కట్టారు. ఈ రెండు కుటుంబాలూ అనుకున్నంత దూరం కావని నెల్సన్ 1990లో నిరూపించాడు. రోజుల మధ్య ఎడాన్ని గంటలకు, నిమిషాలకు కుదించుకుంటూ పోతే, గార్చ్ మెల్లగా ఒక ఎస్‌వీ నమూనాగా మారిపోతుంది. రోజువారీ లెక్కల్లోనే వాటి తేడా అంతగా కనపడేది.

రేపటి అంచనాలో ఎవరు గెలుస్తారు? 2005లో పీటర్ హాన్సెన్, ఆస్గర్ లుండే 330 ఆర్చ్ తరహా నమూనాలను పోటీకి పెట్టారు. డాలర్‌తో జర్మన్ మార్కు మారకం రేటులో సాదా గార్చ్‌ను నమ్మకంగా ఓడించినది ఒక్కటీ లేదు. ఐబీఎం షేరులో మాత్రం నష్టానికి వేరే బరువిచ్చే నమూనాలు దాన్ని ఓడించాయి. ఆ పోటీలో ఎస్‌వీ లేదు కాబట్టి దీన్ని ఎస్‌వీ ఓటమిగా చెప్పకూడదు. సాదా గార్చ్‌ను ఓడించడం అంత తేలిక కాదన్న మాట మాత్రం నిలుస్తుంది. ఇంకో సంగతీ ఉంది. నిజమైన విస్తృతి కనపడదు గనుక, పోటీకి న్యాయమూర్తిగా రోజు రాబడి వర్గాన్ని పెడితే, అది గాలివాటంగా ఊగే న్యాయమూర్తి. ఐదు నిమిషాల రాబడుల వర్గాలను రోజంతా కూడి కొలవాలని ఆండర్సన్, బొలర్స్‌లెవ్ 1998లో చూపారు. ఆ కొలత చేతిలో ఉన్నవాళ్ళు ఇప్పుడు నేరుగా దాన్నే అంచనా వేస్తున్నారు. గార్చ్, ఎస్‌వీ రెండూ రోజుకు ఒక ముగింపు ధర మాత్రమే దొరికే చోట బతికే నమూనాలు.

నా తీర్పు అడిగితే, రోజూ వందల షేర్లకు మార్జిన్ వేయాలంటే నష్టానికి వేరే బరువు, స్టూడెంట్ టీ విభాజనం ఉన్న గార్చ్ చాలు. జూన్ 4 లాంటి రోజు తర్వాత మాత్రం దాని అంకెను ఒకటి రెండు వారాల పాటు కాస్త అనుమానంగా చూడాలి. డేటా తక్కువున్న చోట, దెబ్బలు అరుదుగానూ పెద్దగానూ పడే చోట, అంకెతో పాటు దాని వెడల్పు కూడా కావలసిన చోట ఎస్‌వీకి పట్టే శ్రమ దండగ కాదు.

చేసి చూడాలనుకునే విద్యార్థులకు నిఫ్టీ పాత ముగింపు ధరలు ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లో దొరుకుతాయి. ఉచితంగా దొరికే R భాషలో గార్చ్‌కు `rugarch`, ఎస్‌వీకి `stochvol` అనే ప్యాకేజీలు ఉన్నాయి. రెండోదానికి రాబడులు ఇచ్చేముందు వాటి సగటును తీసేయండి, లేకపోతే సరిగ్గా సున్నా రాబడి ఉన్న రోజు దగ్గర లాగరిథం మొరాయిస్తుంది. 2024 జూన్ దాకా డేటా ఇచ్చి ఒకసారి, జూన్ 4తో ఆపి ఇంకోసారి నడపండి. జూన్ 4కు ఎస్‌వీ ఇచ్చే రెండు జవాబుల మధ్య తేడా ఎంతో రాసి పెట్టుకోండి.